కంటి చలన లోపం నుండి నాడీ నిర్ధారణ: మూడు కపాల నాడుల నిర్మాణ, నైదానిక పరిశీలన

వ్యాససంగ్రహం

కనుగుడ్డును కదిలించే కండరాలు ఆరు. వాటికి ఆజ్ఞలను చేరవేసే కపాల నాడులు మూడు. కన్ను ఏ దిశలో కదలలేకపోతున్నదో గుర్తించి దెబ్బతిన్న నాడిని చెప్పడం నిర్ధారణలో మొదటి మెట్టు మాత్రమే. ఆ నాడి తన మార్గంలో ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పడం రెండవ మెట్టు. చికిత్సను, కొన్ని సందర్భాలలో రోగి ప్రాణాన్ని నిర్ణయించేది ఈ రెండవ మెట్టే. కండరాల అమరిక నుండి పరీక్షా విధానం ఎలా పుట్టిందో, ఆరవ, నాల్గవ, మూడవ కపాల నాడుల లోపాలు ఎలా భిన్నంగా కనిపిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. మూడవ నాడి పక్షవాతంలో కనుపాప చెప్పే సాక్ష్యాన్ని ఒక ఉదాహరణ ద్వారా విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: నేత్ర చలన కండరాలు, కపాల నాడులు, ద్విదృష్టి, కనుపాప, ఎన్యూరిజం, తల వంపు పరీక్ష

1. ప్రవేశిక

ఒకే వస్తువు రెండుగా కనిపించడాన్ని ద్విదృష్టి అంటారు. ఈ ఫిర్యాదుతో వచ్చిన రోగిని మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే. ఒక కన్ను మూసుకుంటే రెండవ బొమ్మ పోతున్నదా? ఒక కన్ను మూసినా రెండు బొమ్మలు మిగిలితే లోపం ఆ తెరిచి ఉన్న కంటి లోపలే, అంటే శుక్లపటలంలోనో, కంటి కటకంలోనో ఉన్నదని భావించవచ్చు. ఏ కన్ను మూసినా రెండవ బొమ్మ పోతే రెండు కళ్ళ చూపులు ఒకే బిందువు మీద కలవడం లేదని అర్థం. కండరాలు, నాడులు అనే విషయం అక్కడ నుండి మొదలవుతుంది.

తరువాతి ప్రశ్న, ఏ వైపు చూసినప్పుడు బొమ్మల మధ్య దూరం పెరుగుతున్నదన్నది. బలహీనపడిన కండరం పనిచేయవలసిన దిశలోనే ఆ దూరం అత్యధికంగా ఉంటుంది. ఆ దిశలో కన్నులను ఒకటొకటిగా మూసి చూస్తే, రెండు బొమ్మలలో ఎక్కువ వెలుపలగా కనిపించే బొమ్మ దెబ్బతిన్న కంటిది అవుతుంది. ఈ రెండు చిన్న పరిశీలనలతోనే వైద్యుడు ఏ కన్నో, ఏ దిశో తెలుసుకోగలుగుతాడు. అయితే దిశ తెలిసినంత మాత్రాన కండరం తెలియదు. ఎందుకంటే ఒక్కొక్క కండరం చేసే పని కన్ను అప్పటికి ఏ స్థితిలో ఉన్నదన్న దానిని బట్టి మారుతుంది.

2. కండరాల అమరిక, పరీక్షా విధానం

ఆరు కండరాలలో నాలుగు ఋజు కండరాలు, రెండు వక్ర కండరాలు. ఊర్ధ్వ, అధో, అంతర, బాహ్య ఋజు కండరాలు నేత్రగోళపు కుహరం చివర, దృష్టి నాడి చుట్టూ ఉన్న ఒక తంతు వలయం నుండి బయలుదేరి ముందుకు వచ్చి కనుగుడ్డు ముందు భాగానికి అతుక్కుంటాయి. ఊర్ధ్వ వక్ర కండరం కూడా కుహరం వెనుక భాగం నుండే వస్తుంది. కాని అది ముక్కు పక్కన పైభాగంలో ఉన్న మృదులాస్థి కప్పీ గుండా వెళ్ళి, అక్కడ దిశ మార్చుకొని, వెనక్కు తిరిగి కనుగుడ్డు పై భాగానికి చేరుతుంది. అధో వక్ర కండరం మాత్రం కుహరం ముందు భాగంలో, ముక్కు వైపు అడుగు నుండి పుడుతుంది.

అంతర, బాహ్య ఋజు కండరాల పని సరళమైనది. మొదటిది కంటిని ముక్కు వైపు, రెండవది కణత వైపు తిప్పుతుంది. మిగిలిన నాలుగింటి పని అంత సరళం కాదు. దానికి కారణం కుహరాల ఆకారం. మనం సూటిగా ముందుకు చూసేటప్పుడు చూపు గీత ముందుకే ఉంటుంది. కాని కుహరపు అక్షం వెనుక నుండి ముందుకు వస్తూ దాదాపు 23 డిగ్రీలు వెలుపలికి వాలి ఉంటుంది. ఊర్ధ్వ, అధో ఋజు కండరాలు ఈ వాలును అనుసరించి లాగుతాయి. కన్ను కణత వైపు 23 డిగ్రీలు తిరిగినప్పుడు చూపు గీత, కండరపు లాగు ఒకే సరళరేఖలోకి వస్తాయి. ఆ స్థితిలో ఊర్ధ్వ ఋజు కండరం కంటిని పైకి మాత్రమే, అధో ఋజు కండరం కిందికి మాత్రమే కదిలిస్తుంది.

వక్ర కండరాల లాగు దీనికి ఎదురుగా ఉంటుంది. కప్పీ నుండి వెనక్కు వచ్చే ఊర్ధ్వ వక్ర కండరం చూపు గీతతో 50 డిగ్రీలకు కొంచెం మించిన కోణం చేస్తుంది. కన్ను ముక్కు వైపు తిరిగే కొద్దీ ఈ కోణం తగ్గి, ఆ కండరం కంటిని కిందికి దించే పనిని బలంగా చేస్తుంది. కన్ను కణత వైపు తిరిగి ఉంటే అదే కండరం కంటిని దించదు, దాని పై అంచును ముక్కు వైపు తిప్పుతుంది. ఈ చక్రపు తిరుగుడును అంతర భ్రమణం అంటారు. అధో వక్ర కండరం ఇందుకు వ్యతిరేకం. ముక్కు వైపు తిరిగిన కంటిని అది పైకి ఎత్తుతుంది, కణత వైపు తిరిగిన కంటికి బాహ్య భ్రమణం ఇస్తుంది.

వైద్యుడు తన వేలితో గాలిలో పెద్ద ‘హెచ్’ అక్షరం గీసి, రోగిని తల కదల్చకుండా దానిని అనుసరించమనడం వెనుక ఉన్న తర్కం ఇదే. వేలు ఒక పక్కకు వెళ్ళినప్పుడు ఒక కన్ను కణత వైపు, మరొకటి ముక్కు వైపు ఉంటాయి. అక్కడ పైకి, కిందికి చూపిస్తే ఒక కంటిలో ఋజు కండరాలు, మరొక కంటిలో వక్ర కండరాలు విడివిడిగా పరీక్షకు వస్తాయి. సూటిగా ముందు నుండి పైకి, కిందికి మాత్రమే చూపిస్తే రెండు కండరాలు కలిసి పనిచేస్తాయి గనుక ఏది బలహీనమో తేలదు. విద్యార్థులు తరచుగా చేసే తప్పు ఇక్కడే ఉంది.

నాడుల పంపకం ఇలా ఉంటుంది. బాహ్య ఋజు కండరానికి ఆరవ కపాల నాడి, ఊర్ధ్వ వక్ర కండరానికి నాల్గవ కపాల నాడి వస్తాయి. మిగిలిన నాలుగు కండరాలకూ, పైరెప్పను ఎత్తే కండరానికీ మూడవ కపాల నాడి వస్తుంది. కనుపాపను ముడిచే, దగ్గరి చూపు కోసం కటకాన్ని సర్దే సూక్ష్మ తంతువులు కూడా మూడవ నాడితోనే ప్రయాణిస్తాయి.

3. ఆరవ నాడి: దూరపు కారణానికి దగ్గరి లక్షణం

ఆరవ నాడి దెబ్బతింటే కన్ను కణత వైపు తిరగదు. సూటిగా చూసినప్పుడు కూడా ఎదురు లేని అంతర ఋజు కండరం లాగడం వలన కన్ను ముక్కు వైపు మెల్లగా ఉంటుంది. బొమ్మలు పక్కపక్కన కనిపిస్తాయి. దూరపు వస్తువులను చూడడానికి రెండు కళ్ళూ విడివడవలసి ఉంటుంది గనుక దూరంలో ద్విదృష్టి ఎక్కువగా, పుస్తకం చదివే దూరంలో తక్కువగా ఉంటుంది. చాలామంది రోగులు ఆ కండరాన్ని వాడే అవసరం లేకుండా ముఖాన్ని దెబ్బతిన్న కంటి వైపుకు తిప్పుకొని కూర్చుంటారు.

దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఈ నాడి ఇరుగుపొరుగు తోడ్పడుతుంది. ఆరవ నాడి కేంద్రకం మెదడు కాండంలోని పాన్స్ భాగంలో ఉంటుంది. ఆ కేంద్రకంలో బాహ్య ఋజు కండరానికి వెళ్ళే కణాలతో పాటు, రెండవ కంటి అంతర ఋజు కండరానికి సందేశం పంపే కణాలు కూడా ఉంటాయి. అందువలన కుడి కేంద్రకమే దెబ్బతింటే కుడి కన్ను ఒక్కటే కాదు, రెండు కళ్ళూ కుడి వైపు తిరగలేవు. రెండూ సమానంగా ఆగిపోతాయి గనుక రోగికి ద్విదృష్టి ఉండకపోవచ్చు. ముఖానికి వెళ్ళే ఏడవ నాడి తంతువులు ఈ కేంద్రకాన్ని చుట్టి వస్తాయి గనుక అదే వైపు ముఖం కూడా బలహీనపడుతుంది. దీనికి భిన్నంగా ఒక్క కన్ను మాత్రమే కణత వైపు తిరగకపోతే దెబ్బ కేంద్రకంలో కాదు, దాని నుండి బయలుదేరిన తంతువులలోనో, బయటి నాడిలోనో ఉన్నట్లు.

పాన్స్ అడుగున బయటికి వచ్చిన ఆరవ నాడి పుర్రె అడుగు ఎముక మీదుగా నిటారుగా పైకి ఎక్కి, డోరెల్లో అనే ఇరుకు మార్గం దగ్గర గట్టిగా బిగించి ఉంటుంది. తరువాత కావర్నస్ సైనస్‌లో ప్రవేశిస్తుంది. మిగిలిన నాడులు ఆ సైనస్ గోడలో నడుస్తుండగా ఆరవ నాడి మాత్రం దాని లోపల, అంతర కెరోటిడ్ ధమని పక్కన ఉంటుంది. పుర్రె లోపలి పీడనం పెరిగితే మెదడు కాండం కొంచెం కిందికి జరుగుతుంది. ఒక కొన పాన్స్ దగ్గర, మరొక కొన డోరెల్లో మార్గం దగ్గర బిగించి ఉన్న ఈ నాడి మధ్యలో సాగి పనిచేయడం మానేస్తుంది. అసలు గడ్డ మెదడులో మరెక్కడో ఉన్నా లక్షణం మాత్రం ఈ నాడిలో కనిపిస్తుంది. ఇటువంటి వాటిని జేమ్స్ కోలియర్ 1904లో ‘తప్పుడు స్థాన సూచకాలు’గా వర్ణించాడు. కాబట్టి ఆరవ నాడి లోపం కనిపించినప్పుడు, ప్రత్యేకించి అది రెండు కళ్ళలోనూ ఉన్నప్పుడు, కంటి వెనుక దృష్టి నాడి మొదలు వాచిందేమో చూడకుండా పరీక్ష ముగించకూడదు. నడుము నుండి వెన్నుద్రవం తీసిన తరువాత పీడనం తగ్గిపోయినా ఇదే నాడి దెబ్బతినవచ్చు.

4. నాల్గవ నాడి: తల వంపు చెప్పే సాక్ష్యం

మూడు నాడులలో అతి సన్ననిది నాల్గవ నాడి. మెదడు కాండం వెనుక వైపు నుండి బయటికి వచ్చే కపాల నాడి ఇది ఒక్కటే. కుడి కేంద్రకం నుండి వచ్చిన తంతువులు ఎడమ వైపుకు, ఎడమవి కుడి వైపుకు దాటి, ఆ పైన మెదడు కాండాన్ని చుట్టి ముందుకు వస్తాయి. పొడవైన ఆ ప్రయాణమూ, సన్నదనమూ కలిసి తలకు దెబ్బ తగిలినప్పుడు ఈ నాడిని సులభంగా బలిచేస్తాయి. రెండు నాడులూ దాటే చోటు ఒక్కటే గనుక బలమైన దెబ్బ తగిలితే రెండూ ఒకేసారి దెబ్బతినడం కూడా సాధారణమే.

ఊర్ధ్వ వక్ర కండరం చేసే పని ముక్కు వైపు తిరిగిన కంటిని దించడం. మనిషి ఆ పనిని నిత్యం చేసే సందర్భాలు రెండు. ఒకటి చదవడం, రెండు మెట్లు దిగడం. కాబట్టి మెట్లు దిగేటప్పుడు మెట్టు రెండుగా కనిపిస్తున్నదన్న మాట రోగి నోట వస్తే నాల్గవ నాడి గుర్తుకు రావాలి. బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటిలో ఒకటి కొంచెం ఒరిగి కనిపిస్తుంది. ఆ ఒరుగును సరిచేసుకోవడానికి రోగి తెలియకుండానే తలను ఆరోగ్యమైన కంటి వైపు భుజానికి వాల్చుకుంటాడు. పాత ఫొటోలలో కూడా అదే వంపు కనిపిస్తే లోపం పుట్టుకతోనే ఉండి ఇప్పుడు బయటపడిందని భావించవచ్చు. కొత్త గాయానికీ, పాత లోపానికీ తేడా చెప్పడంలో ఖరీదైన స్కాన్ కంటే ఒక పెళ్ళి ఫొటో ఎక్కువ సాయపడే సందర్భాలు ఉన్నాయి.

కన్ను ఎత్తుగా ఉన్నప్పుడు అందుకు కారణమైన కండరాన్ని మూడు మెట్లలో తేల్చే పద్ధతిని మార్షల్ పార్క్స్ 1958లో క్రమబద్ధం చేశాడు. మొదటి మెట్టులో ఏ కన్ను ఎత్తుగా ఉన్నదో చూస్తారు. రెండవ మెట్టులో కుడి వైపు చూస్తే ఆ ఎత్తు పెరుగుతున్నదా, ఎడమ వైపు చూస్తేనా అని చూస్తారు. మూడవ మెట్టులో తలను ఏ భుజం వైపు వాల్చితే పెరుగుతున్నదో చూస్తారు. కుడి కన్ను ఎత్తుగా ఉండి, ఎడమ వైపు చూసినప్పుడూ, తలను కుడి భుజం వైపు వాల్చినప్పుడూ ఆ ఎత్తు పెరిగితే కుడి ఊర్ధ్వ వక్ర కండరం బలహీనమైనదని నిర్ణయిస్తారు.

మూడవ మెట్టు బీల్‌షావ్‌స్కీ పేరుతో ప్రసిద్ధమైన తల వంపు పరీక్ష. దాని తర్కం గమనించదగినది. తల కుడి వైపు వాలితే లోకం నిటారుగా కనిపించడానికి కుడి కన్ను అంతర భ్రమణం చెందాలి. ఆ పనిని ఊర్ధ్వ వక్ర, ఊర్ధ్వ ఋజు కండరాలు కలిసి చేస్తాయి. మామూలుగా మొదటిది కంటిని దించుతూ, రెండవది ఎత్తుతూ ఒకదానినొకటి సరిచేసుకుంటాయి. ఊర్ధ్వ వక్ర కండరం పడిపోతే ఊర్ధ్వ ఋజు కండరం ఒక్కటే లాగుతుంది, కన్ను పైకి లేస్తుంది. రెండు నాడులూ పోయిన రోగిలో కుడి వైపు చూస్తే ఎడమ కన్ను, ఎడమ వైపు చూస్తే కుడి కన్ను ఎత్తుగా కనిపిస్తాయి. సూటిగా చూసినప్పుడు రెండూ సమానంగా ఉన్నట్లుండడం వలన లోపం లేదని పొరపడే అవకాశం ఉంది.

5. మూడవ నాడి: రెప్ప, కన్ను, కనుపాప

మూడవ నాడి పూర్తిగా పడిపోతే పైరెప్ప జారి కన్ను మూసుకుపోతుంది. రెప్పను వేలితో ఎత్తి చూస్తే కన్ను వెలుపలికి, కొంచెం కిందికి తిరిగి ఉంటుంది. ఆరవ నాడి వలన బాహ్య ఋజు కండరం, నాల్గవ నాడి వలన ఊర్ధ్వ వక్ర కండరం ఇంకా పనిచేస్తుండడమే ఆ స్థితికి కారణం. కనుపాప విప్పారి, వెలుతురుకు ముడుచుకోదు.

ఈ నాడి కేంద్రకంలో దెబ్బ తగిలితే కనిపించే గుర్తులు వింతగా ఉంటాయి. రెండు పైరెప్పలనూ ఎత్తే కణాలు మధ్యలో ఒకే గుంపుగా ఉంటాయి. ఊర్ధ్వ ఋజు కండరపు తంతువులు ఎదుటి వైపు నుండి వస్తాయి. అందువలన ఒక వైపు కేంద్రకం దెబ్బతిన్నా రెండు రెప్పలూ జారవచ్చు, ఎదుటి కన్ను కూడా పైకి చూడలేకపోవచ్చు. ఎదుటి కన్ను సంపూర్ణంగా బాగున్నదంటే దెబ్బ కేంద్రకంలో లేదనే చెప్పాలి. కేంద్రకం నుండి బయటికి వచ్చే దారిలో తంతువులు కాళ్ళు చేతులను నడిపే మార్గం పక్కగా వెళ్తాయి. అక్కడ దెబ్బ తగిలితే కంటి లోపంతో పాటు ఎదుటి వైపు కాలు, చెయ్యి పడిపోతాయి. దీనిని వెబర్ లక్షణ సముదాయం అంటారు.

మెదడు కాండం నుండి బయటపడిన నాడి రెండు ధమనుల మధ్య నుండి జారి, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమనికి సమాంతరంగా ముందుకు నడుస్తుంది. కనుపాప తంతువులు ఈ భాగంలో నాడి పైభాగాన, ఉపరితలానికి దగ్గరగా ఉంటాయి. కండరాలకు వెళ్ళే తంతువులు లోపలి భాగంలో ఉంటాయి. నాడిని బయటి నుండి నొక్కేది ఏదైనా మొదట తాకేది కనుపాప తంతువులనే. మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధులలో దెబ్బతినేది నాడి లోపలికి రక్తాన్ని తెచ్చే సూక్ష్మ రక్తనాళాలు. అప్పుడు లోపలి తంతువులకు రక్తం అందక కండరాలు ఆగిపోతాయి, ఉపరితలంలోని కనుపాప తంతువులు చాలావరకు మిగిలిపోతాయి. కనుపాప పెద్దదైన మూడవ నాడి లోపాన్ని చూడగానే వైద్యుడు ధమని గోడ బుడగలా ఉబ్బిన ఎన్యూరిజాన్ని అనుమానించడానికి ఆధారం ఈ అమరికే.

ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. దానిని మరిస్తే సూత్రమే ప్రమాదకరమవుతుంది. కనుపాప బాగుండడం ధైర్యాన్ని ఇచ్చేది మిగిలిన కండరాలన్నీ, రెప్పతో సహా, పూర్తిగా పడిపోయినప్పుడు మాత్రమే. నాడి సగమే దెబ్బతిని కనుపాప మామూలుగా ఉంటే, నొక్కిడి ఇంకా కనుపాప తంతువులను చేరలేదేమో చెప్పలేము. నొప్పి కూడా తేడా చెప్పదు. ఎన్యూరిజంలోనూ, మధుమేహపు నాడి లోపంలోనూ కంటి చుట్టూ తీవ్రమైన నొప్పి రావచ్చు.

6. ఉదాహరణ విశ్లేషణ

పై సూత్రాలు ఆచరణలో ఎలా కలుస్తాయో చూపడానికి బోధన నిమిత్తం కల్పించిన ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. 54 ఏళ్ల మహిళకు పదేళ్లుగా మధుమేహం ఉంది. రెండు రోజులుగా కుడి కన్ను వెనుక నొప్పి, కుడి రెప్ప బరువు, ఎడమ వైపు చూస్తే రెండు బొమ్మలు. ఇంట్లోవారు చక్కెర ఎక్కువైందని భావించి మందు పెంచి చూద్దామనుకున్నారు. వైద్యుడు కూడా అదే అనుకోవడం చాలా సులభం.

పరీక్షలో ఏ కన్ను మూసినా రెండవ బొమ్మ పోయింది. కుడి రెప్ప సగం వరకే జారింది. రెప్ప ఎత్తి చూస్తే కుడి కన్ను కణత వైపు పూర్తిగా తిరిగింది, కాబట్టి ఆరవ నాడి బాగున్నది. ముక్కు వైపు సగం వరకే తిరిగింది, పైకి కొంచెమే లేచింది, కిందికి కూడా తగ్గింది. కన్ను ముక్కు వైపు తిరగలేనప్పుడు ఊర్ధ్వ వక్ర కండరాన్ని మామూలు విధానంలో పరీక్షించలేము. అందుకు బదులు కన్ను కణత వైపు ఉండగా కిందికి చూడమని చెప్పి, తెల్లగుడ్డు మీది ఒక చిన్న రక్తనాళాన్ని గుర్తుగా పెట్టుకొని చూడాలి. ఆమెలో ఆ నాళం ముక్కు వైపు గుండ్రంగా తిరిగింది. అంతర భ్రమణం మిగిలి ఉంది కాబట్టి నాల్గవ నాడి బాగున్నది. లోపం మూడవ నాడికి మాత్రమే పరిమితమని, అది పూర్తిది కాదని తేలింది.

ఇక స్థానం. ఎడమ కన్ను పైకి చక్కగా లేస్తున్నది, ఎడమ రెప్ప బాగున్నది, కాబట్టి కేంద్రకం కాదు. ఎడమ కాలు చేతుల బలం తగ్గలేదు, వణుకు లేదు, కాబట్టి మెదడు కాండం లోపలి తంతువులు కావు. నుదుటి మీది స్పర్శ బాగున్నది, నాల్గవ, ఆరవ నాడులు కూడా బాగున్నాయి. ఇవన్నీ కలిసి నడిచే కావర్నస్ సైనస్ ఆ విధంగా వెనక్కు వెళ్ళింది. మిగిలినది మెదడు కాండానికీ, సైనస్‌కూ మధ్యనున్న భాగం, అంటే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని పక్కన ఉన్న మార్గం.

చివరగా కనుపాపలు. మసక వెలుతురులో కుడిది 6 మిల్లీమీటర్లు, ఎడమది 5.5. తేడా ఉన్నా లేనట్లే. ప్రకాశవంతమైన వెలుతురులో కుడిది 4.5, ఎడమది 2.5. వెలుతురులో తేడా పెరిగిందంటే లోపం ముడుచుకోవలసిన కనుపాపలో ఉన్నట్లు. ఎడమ కనుపాప ముడుచుకున్నది, కుడిది ముడుచుకోలేకపోయింది. ఒక్క మసక గదిలోనే చూసి ఉంటే ఈ గుర్తు తప్పిపోయేది. రెప్ప జారి ఉన్నప్పుడు దానిని ఎత్తకుండా చూసినా తప్పిపోయేది.

మధుమేహం వలన కూడా కొందరిలో కనుపాపల మధ్య కొద్ది తేడా రావడం కద్దు. కాని వెలుతురులో 2 మిల్లీమీటర్ల తేడా, పైగా సగం దెబ్బతిన్న నాడి, ఈ రెండూ కలిసినప్పుడు చక్కెర మీద నెపం వేసి వేచి చూడడం సమర్థనీయం కాదు. ఆ రోజే మెదడు రక్తనాళాలను చూపే సి.టి. యాంజియోగ్రామ్ తీయాలి. ఉబ్బు అంతర కెరోటిడ్ ధమని నుండి పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని విడిపడే చోట ఉంటుందేమో ప్రత్యేకంగా చూడమని రేడియాలజిస్టుకు చెప్పాలి. ఎక్కడ వెతకాలో తెలిస్తే చిన్న ఉబ్బు కూడా తప్పిపోదు. అది పగిలితే మెదడు పొరల మధ్య రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. పగలకముందే దాని మెడకు క్లిప్ వేయడమో, లోపల లోహపు తీగ చుట్టలు నింపడమో సాధ్యం.

ఇదే మహిళలో రెప్ప పూర్తిగా జారి, కన్ను మూడు దిశలలోనూ కదలక, కనుపాపలు ఏ వెలుతురులోనైనా సమానంగా ఉండి ఉంటే నిర్ణయం వేరుగా ఉండేది. సూక్ష్మ రక్తనాళాల లోపమే ప్రథమ అనుమానంగా నిలిచేది. అటువంటి లోపం సాధారణంగా మూడు నెలల లోపు దానంతట అదే సరిపోతుంది. అప్పుడు కూడా మొదటి వారంలో కనుపాపను తిరిగి తిరిగి పరీక్షించాలి. వయసు 50 దాటినవారిలో కణత ధమని వాపు లక్షణాలను అడిగి, రక్తపరీక్ష చేయించాలి. స్కాన్ సులభంగా దొరికే చోట ఇటువంటివారికి కూడా తీయించడం నేటి వాడుక. మూడు నెలలు గడిచినా కోలుకోకపోతే మొదటి నిర్ధారణను తిరిగి ప్రశ్నించాలి.

కోలుకునే తీరు కూడా ఒక సాక్ష్యమే. నొక్కిడి వలనో, గాయం వలనో తెగిన తంతువులు తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పి వేరే కండరాలకు చేరవచ్చు. కన్ను ముక్కు వైపు తిప్పినప్పుడు పైరెప్ప లేవడం దీని గుర్తు. రక్తం అందక ఆగిపోయిన నాడిలో ఈ దారి తప్పడం కనిపించదు. కాబట్టి మధుమేహపు లోపమని వదిలివేసిన రోగిలో ఈ గుర్తు తరువాత కనిపిస్తే నాడిని నొక్కుతున్నది ఏదో ఉందని గ్రహించాలి.

7. నాడి లోపంగా భ్రమింపజేసేవి

కన్ను కదలకపోవడానికి నాడే కారణమని భావించడం ఈ పద్ధతి పరిమితి. మూడు వ్యాధులు ఈ భావనను తరచు భంగపరుస్తాయి. మొదటిది మయస్థీనియా. ఇందులో నాడికీ, కండరానికీ మధ్య సందేశం అందదు. ఏ నాడి లోపం వేషాన్నైనా అది ధరించగలదు. కాని సాయంత్రానికి ఎక్కువ కావడం, ఒక నిమిషం పైకి చూస్తూ ఉంటే రెప్ప క్రమంగా జారడం, మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు మంచుగడ్డ ఉంచితే రెప్ప లేవడం దాని గుర్తులు. కనుపాప మాత్రం దెబ్బతినదు.

రెండవది థైరాయిడ్ నేత్రవ్యాధి. ఇందులో కండరం బలహీనపడదు, వాచి బిగుసుకుపోతుంది. అధో ఋజు కండరం తరచుగా బిగుస్తుంది గనుక కన్ను పైకి లేవదు. చూడడానికి ఎత్తే కండరం పడిపోయినట్లే ఉంటుంది. మత్తు చుక్కలు వేసి పటకారుతో కనుగుడ్డును మెల్లగా పైకి నెట్టి చూస్తే అది అడ్డు తగులుతుంది. నాడి లోపంలో అటువంటి అడ్డు ఉండదు.

మూడవది మెదడు కాండం లోపల ఆరవ నాడి కేంద్రకాన్ని మూడవ నాడి కేంద్రకంతో కలిపే తంతు మార్గం తెగడం. అప్పుడు ఒక కన్ను ముక్కు వైపు తిరగదు, ఎదుటి కన్ను కణత వైపు తిరిగి వణుకుతుంది. మూడవ నాడి లోపమని భావించడానికి ముందు రెప్ప, కనుపాప బాగున్నాయో లేదో చూడాలి. దగ్గరి వస్తువు చూపితే అదే కన్ను ముక్కు వైపు తిరిగితే కండరమూ, నాడీ బాగున్నట్లే, తెగినది లోపలి సంధానం మాత్రమే. యువకులలో మల్టిపుల్ స్క్లీరోసిస్, వృద్ధులలో మెదడుకు రక్తం ఆగడం దీనికి ప్రధాన కారణాలు.

8. ముగింపు

పై పరిశీలన వలన తేలే అంశాలు ఇవి.

1. ఒక కండరాన్ని వేరు చేసి చూడడం, కంటిని సరైన స్థితిలో ఉంచినప్పుడే సాధ్యం. కణత వైపు తిరిగిన కంటిలో ఋజు కండరాలు, ముక్కు వైపు తిరిగిన కంటిలో వక్ర కండరాలు తమ నిలువు చలనాన్ని బయటపెడతాయి.

2. ఆరవ నాడి లోపం నాడి మార్గంలోని వ్యాధినే చెప్పదు, పుర్రె లోపలి పీడనాన్ని కూడా చెప్పవచ్చు. నాల్గవ నాడి లోపం తల వంపులోనూ, మెట్లు దిగడంలోనూ బయటపడుతుంది.

3. నాడి స్థానాన్ని నిర్ణయించేది దెబ్బతిన్నవాటి జాబితా కంటే ఎక్కువగా, దాని పక్కనే ఉండి కూడా దెబ్బతిననివాటి జాబితా. పై ఉదాహరణలో ఎడమ రెప్ప, నుదుటి స్పర్శ, అంతర భ్రమణం, కాలు చేతుల బలం, ఈ నాలుగూ బాగుండడమే స్థానాన్ని చూపింది.

4. మూడవ నాడి లోపంలో కనుపాపను వెలుతురులోనూ, మసకలోనూ, రెప్ప ఎత్తి, కొలిచి చూడాలి. కనుపాప బాగుండడం పూర్తి పక్షవాతంలో మాత్రమే ధైర్యాన్నిస్తుంది. సగం పక్షవాతంలో అది ఏ హామీ ఇవ్వదు.